గురువారం దాకా గుడ్డ తియ్యొద్దు

వడ్రంగి మేస్త్రి రెండో కూతురికి సబ్బులు అమ్మిపెట్టడంలో చెయ్యి తిరిగింది. అంటే ఏ అరుగు మీదో కూర్చుని అమ్ముతుందని కాదు. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని ఎవరెవరి సబ్బులకో, బూట్లకో, బిస్కట్లకో ఏ రోజు ఏ పోస్టు పెట్టాలో రాసిపెడుతుంది. ఆ పిల్ల ప్లాను వేసిందంటే ముక్కూ మొహం తెలియని వాళ్ళు కూడా ఎగబడి కొంటారని ఆఫీసులో పేరు. ఏం లాభం? ఇక్కడ సొంత తండ్రి కొట్టు మూడేళ్ళుగా ఈగలు తోలుకుంటోంది. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా!

ఆమెకో అన్నయ్య ఉన్నాడు. వేరే ఊళ్ళో పెద్ద ఫ్లాటు, పెద్ద కారు, అన్నిటికన్నా పెద్ద నోరు. ఓ రోజు ఫోన్ చేశాడు.

"చిన్నమ్మా, ఇంక చాలించండి. రోజుకొకడు కూడా రాని కొట్టుకి షట్టరు తియ్యడమెందుకు, వెయ్యడమెందుకు? నాన్నని నా దగ్గరికి తెచ్చేసుకుంటాను. గది కూడా తుడిపించి ఉంచాను. హాయిగా సోఫాలో కూర్చుని టీవీ చూసుకుంటాడు."

ఆమెకి ఒళ్ళు మండింది. తండ్రి చేతులు ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఆమె పుట్టాక ఒక్కనాడూ చూడలేదు. "ఒక్క వారం ఇవ్వు. కొత్త వస్తువు ఒకటి మార్కెట్లోకి దించుతున్నాం. సోమవారం మొదలు పెడతా" అంది.

"ఆరు ఆర్డర్లు రావాలి. ఆదివారం సాయంత్రం ఆరింటిలోపు. రాకపోతే కారేసుకుని వస్తా, నాన్నని ఎక్కించుకుని పోతా."

"సరే!"

"సరే అంటే సరే!"

ఇదంతా స్పీకర్లోనే జరిగింది. మేస్త్రి రెండడుగుల దూరంలో ఉలి నూరుకుంటున్నాడు. ఏమీ అనలేదు. ఆయన మామూలుగానే ఏమీ అనడు, అందుకని ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంతకీ ఆ కొత్త వస్తువు ఒక కుర్చీ. కుర్చీలో ఏముంది కొత్త అంటారేమో, ఉంది. పక్క కొట్టు టైలరమ్మకి మోకాళ్ళ నొప్పులు. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఆవిడ బాధ రోజూ గోడవతల నుంచి "అబ్బా" "అమ్మా" అని వినీ వినీ మేస్త్రి ఒక కుర్చీ చేశాడు. మామూలు కుర్చీకన్నా రెండంగుళాలు ఎత్తు, చేతులు ముందుకి చాచినట్టు ఉంటాయి. వాటి మీద అరచేతులు ఆనించి నొక్కితే మనిషి తేలిగ్గా లేచి నిలబడుతుంది. టైలరమ్మ కూర్చుంది, లేచింది. ఆవిడ నోట "అబ్బా" రాలేదు. రాలేదని ఆవిడకే ఆశ్చర్యమేసి మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచింది.

అంతే, కూతురికి ప్లాను దొరికింది. పాత క్యాలెండరు వెనక పెద్ద అక్షరాలతో రాసి గోడకి మేకు కొట్టింది. సోమవారం పది గంటలకి ఊరింపు పోస్టు: గుడ్డ కప్పిన వస్తువు, తేదీ, 'ఏమై ఉంటుందో చెప్పండి'. ధర వద్దు, పేరు వద్దు. మంగళ, బుధవారాలు కామెంట్లకి జవాబులు. గురువారం పదింటికి అసలు పోస్టు: కుర్చీ, దాని ఉపయోగం, కొలతలు, ధర, ఆర్డరుకి ఫోన్ నంబరు. అదే సమయానికి కొట్లోంచి లైవులో గుడ్డ తియ్యడం. ఆదివారం చివరి పోస్టు: కూర్చున్న మనిషి మాట, అడిగిన ప్రశ్నలకి జవాబులు, ఆఖరి గడువు. తెలివైన పిల్ల కాబట్టి కుర్చీ ఫోటోలు ముందు వారమే తీసేసుకుంది. గురువారం పోస్టు రాసేసి, టైము పెట్టేసి, దానంతటదే వెళ్ళేలా ఏర్పాటు కూడా చేసేసింది. చివరి నిమిషంలో కంగారు పడేవాళ్ళంటే ఆమెకి చులకన.

టైలరమ్మ దగ్గర నల్లటి లైనింగు గుడ్డ తెచ్చి కుర్చీ మీద కప్పి, తండ్రికి గట్టిగా చెప్పింది. "నాన్నా, గురువారం దాకా గుడ్డ ఎవరూ తియ్యకూడదు. నేనడిగినా సరే, తియ్యనివ్వకు. లీకైపోతే కొంప మునుగుతుంది."

"నువ్వడిగినా తియ్యనివ్వకూడదు" అన్నాడు మేస్త్రి, కొలత ఒప్పచెప్పినట్టు.

సోమవారం పోస్టు వెళ్ళింది. సాయంత్రానికి నలభై కామెంట్లు. ఆఫీసు నుంచి తిన్నగా కొట్టుకి వచ్చి, చెక్కపొట్టు మీదే చతికిలబడి, తండ్రికి ఒక్కొక్కటీ చదివి వినిపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని విన్నాడు.

"ఒకావిడ 'పుస్తకాల అలమరా అయ్యుంటుంది' అంటోంది. ఇంకొకాయన 'ఉయ్యాల' అట. ఇదిగో ఇంకోటి, 'మా పిల్లికి గూడు అయితే బాగుండు'."

"పిల్లికా?" మేస్త్రి చేతిలో పని ఆపాడు. "ఎంత లావుంటుంది?"

ఆమెకి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మూడేళ్ళుగా ఏం చెప్పినా 'ఊఁ' తప్ప అనని మనిషి నోరు విప్పి ప్రశ్న అడిగాడు! వెంటనే ఆ ప్రశ్ననే జవాబుగా టైపు చేసింది: 'మీ పిల్లి ఎంత లావండీ?' ఆ పిల్లి గలావిడ మురిసిపోయి, పిల్లిని తూకం వేసి, నడుం చుట్టుకొలతతో సహా పెట్టింది. దాని కింద ఇంకో అరవై కామెంట్లు. తండ్రికి ఈ విద్య పుట్టుకతో వచ్చినట్టుందని ఆమె మురిసిపోయింది.

మంగళవారం సాయంత్రం మళ్ళీ చదివింది. ఒకడు నిచ్చెన అన్నాడు. మేస్త్రి "ఎన్ని మెట్లు?" అన్నాడు. ఆమె అడిగింది. "అయిదు చాలు" అని జవాబొచ్చింది. ఇస్త్రీ బల్ల అని ఒక ఇల్లాలు అంది. "ఆవిడది కుడి చేతివాటమా, ఎడమా?" అన్నాడు. అదీ అడిగింది. ఎడమట. ఆఫీసులో బిస్కట్ల వాళ్ళకి నెల్లాళ్ళు తల కొట్టుకున్నా రానన్ని కామెంట్లు రెండు రోజుల్లో వచ్చాయి. ఆమెకి కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆనక కాస్త అనుమానం మాత్రం వచ్చింది. నల్లగుడ్డ నిన్న నేలదాకా ఉండేది, ఇవాళ జానెడు పైకి లేచింది.

"నాన్నా, గుడ్డ కుంచించుకుపోయిందా?"

"లైనింగు గుడ్డ కదా" అన్నాడు ముక్తసరిగా.

ఆమె చెయ్యి చాపింది. ఆయన అడ్డం నిలబడ్డాడు. "నువ్వడిగినా తియ్యనివ్వకూడదు" అన్నాడు. ఏం చేస్తుంది? తన మాటే కదా! టైలరమ్మ ఇంకో రెండు గజాలు అతుకేసి ఇచ్చింది, నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆవిడ నవ్వుతోందో దగ్గుతోందో అప్పుడు తెలియలేదు.

బుధవారం ఒక కొంటె కుర్రాడు 'పడవ' అని పెట్టి కింద నవ్వు బొమ్మలు పెట్టాడు. మేస్త్రి నవ్వలేదు. చాలాసేపు ఆలోచించి, "తెడ్లు రెండా, ఒకటా?" అని అడిగాడు. అది చదివి జనం పడీ పడీ నవ్వారు. ఆ రోజు ఆమె ఇంటికి వెళ్ళి అన్నయ్యకి ఫోన్ చేసి, "ఆరేమిటి, అరవై వస్తాయి, కాచుకో" అని సవాలు కూడా విసిరింది. మనిషి విర్రవీగితే చూడలేని దేవుడొకడు ఎక్కడో ఉంటాడు.

గురువారం పదయింది. ముందే ఏర్పాటు చేసిన పోస్టు దానంతటదే వెళ్ళింది: చక్కటి కుర్చీ, నాలుగు వైపుల నుంచి ఫోటోలు, 'అబ్బా అనకుండా లేవండి' అన్న వాక్యం, ధర, నంబరు. ఒక్క తప్పు లేదు. సరిగ్గా అదే క్షణాన కొట్లో ఫోను స్టాండుకి బిగించి లైవు మొదలు పెట్టింది. మూడొందల నలభై మంది చూస్తున్నారు. గుమ్మంలో వీధి వీధంతా ఉంది.

"ఇప్పుడు మా నాన్నగారు గుడ్డ తీస్తారు!"

మేస్త్రి గుడ్డ లాగాడు.

ఏం చెప్పమంటారు! అక్కడ కుర్చీ లేదు. ఉంది, కానీ ఎక్కడో లోపల, పీకల్లోతు చెక్కలో ఉంది. దాని నెత్తిన మూడరల పుస్తకాల అలమరా. వెనక అయిదు మెట్ల నిచ్చెన. ఎడమవైపు మడత పడే ఇస్త్రీ బల్ల. మొత్తానికి మొత్తం రెండు కమ్మీల మధ్య ఉయ్యాలలా వేలాడుతోంది. అడుగున, గుండ్రటి గుమ్మంతో, కొలతకి సరిపోయిన పిల్లి గూడు. రెండు పక్కలా, నున్నగా చిత్రిక పట్టిన, తళతళలాడే రెండు తెడ్లు.

వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. ఇక్కడ కోతి కూడా కాలేదు.

"నాన్నా," అంది ఆమె. "ఏమిటిది?"

"అడిగారుగా" అన్నాడు మేస్త్రి. గోడకానించిన ప్లైవుడ్డు ముక్క చూపించాడు. ఆయన ఆర్డర్లు రాసుకునే పలక అది. దాని మీద పెన్సిలుతో వరసగా ఉన్నాయి: అలమరా, ఉయ్యాల, పిల్లి (లావు), నిచ్చెన 5, ఇస్త్రీ (ఎడమ), పడవ. ఒక్కోదాని పక్కన టిక్కు. "అన్నీ విడివిడిగా చెయ్యడానికి మూడు రోజులు చాలవు. అందుకని కలిపేశా. పడవ ఒక్కటే నీళ్ళలో చూడలేదు."

నలభై ఏళ్ళుగా ఆయన పద్ధతి అదే. కొట్టుకి వచ్చి ఎవరేం అడిగినా కాదనడు. పలక మీద రాసుకుంటాడు, చేసి ఇస్తాడు. జనం సరదాకి చెక్క వస్తువుల పేర్లు చెబుతారని, పైగా అలా చెప్పమని తన కూతురే వాళ్ళని అడిగిందని ఆయనకి ఎలా తడుతుంది? కొలతలు కూడా అడిగి మరీ తెచ్చి ఇచ్చిందాయె.

ఫోను తెర మీద కామెంట్లు వరదలా పారుతున్నాయి. 'ఫోటోలో కుర్చీ, కొట్లో ఓడ!' 'దీనికి లైసెన్సు కావాలా?' మేస్త్రి ఫోను దగ్గరికి వంగి, మర్యాదగా, "పిల్లి గల అమ్మగారు ఒకసారి వచ్చి కొలత చూసుకోండి. తేడా ఉంటే సరి చేస్తాను" అన్నాడు. కూతురు లైవు ఆపేసింది.

ఆ ముక్క కత్తిరించి ఎవడో పంచాడు. సాయంత్రానికి లక్షమంది చూశారు. లక్షమందీ నవ్వారు. శుక్రవారం రాత్రి లెక్క చూసుకుంటే వచ్చిన ఆర్డర్లు ఒకటి. నవ్విన ప్రతివాడూ కొనడని ఆమె ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్ళకి మొదటి రోజే చెబుతుంది. ఇప్పుడు తనకి తనే చెప్పుకోవాల్సి వచ్చింది.

తండ్రి మీద అరుద్దామనుకుంది. నెత్తీ నోరూ కొట్టుకుందామనుకుంది. కానీ శుక్రవారమంతా ఆయన కొట్లో ఈల వేస్తున్నాడు. ఆయనకి ఈల వచ్చని ఇంట్లో ఎవరికీ తెలియదు. పిల్లి గలావిడ నిజంగానే పిల్లిని పట్టుకుని వచ్చింది. పిల్లి గూట్లో దూరి, రెండు గంటలు బయటికి రానంది. మేస్త్రి నేల మీద బోర్లా పడుకుని దానితో కబుర్లు చెప్పాడు. కూతురికి అరవబుద్ధి కాలేదు.

మిగిలిందల్లా ఆదివారం పోస్టు. గురువారం పోస్టు తీసేద్దామా అని ఒక క్షణం అనుకుంది. తీసేస్తే నిజంగానే మోసమనుకుంటారు. అందుకని దాని కింద ఒక జవాబు పైన కనబడేలా నిలబెట్టింది: 'అమ్మేది ఫోటోలో కుర్చీయే. లైవులో చూసింది మా నాన్నగారి మర్యాద.' బాగానే ఉంది. కానీ చివరి పోస్టులో ఎవరైనా కుర్చీలో కూర్చుని లేచి చూపించాలి కదా! చేసింది ఒకే ఒక్క కుర్చీ. ఇంకోటి చెయ్యాలంటే జిగురు ఆరడానికే టైము చాలదు. ఉన్న కుర్చీ ఏమో ఓడ కడుపులో ఉంది.

"విడదియ్యనా?" అన్నాడు మేస్త్రి.

"ఎంతసేపు?"

"చెయ్యడానికి మూడు రోజులు పట్టింది."

శనివారం టైలరమ్మని లోపలికి ఎక్కించారు. నిచ్చెన కిందనుంచి దూరి, ఇస్త్రీ బల్ల ఎత్తి, తెడ్డు పక్కకి నెట్టి, ఆవిడ నానా తంటాలూ పడి కుర్చీలో కూర్చుంది. "కెమెరా వైపు చూడకండి పిన్నిగారూ, మామూలుగా లేవండి" అంది ఆమె. టైలరమ్మ చేతులు ఆనించి నొక్కింది. మోకాళ్ళు కిక్కురుమనలేదు. హాయిగా, మహారాణిలా లేచింది. లేచిన మనిషి నెత్తి తిన్నగా వెళ్ళి అలమరా కింది అరకి ఠంగున తగిలింది.

"అబ్బా!"

ఏడుసార్లు తీశారు. ఏడుసార్లూ మోకాళ్ళు నెగ్గాయి, ఏడుసార్లూ నెత్తి ఓడింది. చివరికి టైలరమ్మ నెత్తి రుద్దుకుంటూ కెమెరాలోకి వేలు చూపించి, "ఇదిగో అమ్మా, ఈ అబ్బా కుర్చీది కాదు, అలమరాది. రాసుకో" అంది. కూతురు అదే పెట్టింది. దాని కింద అడిగినవాటికి జవాబులు రాసింది: ఎత్తు ఎంత, ఎంత బరువు ఆగుతుంది, చేసివ్వడానికి ఎన్ని రోజులు. 'ఆర్డర్లు ఈ సాయంత్రం ఆరింటి వరకే' అని ముగించింది. ఆదివారం పొద్దున పదింటికి వదిలింది.

పదకొండింటికి ఒక ఫోన్, వాళ్ళమ్మకట. రెండింటికి ఇంకోటి. నాలుగింటికి ఒక ముసలాయన స్వయంగా ఫోన్ చేసి, "అలమరా లేకుండానే కదా?" అని మూడుసార్లు నిర్ధారించుకుని మరీ చెప్పాడు. మొత్తం నాలుగు. అయిదున్నర దాటింది. ఫోను వైపు చూసీ చూసీ ఆమె కళ్ళు కాయలు కాశాయి. ఆరింటికి మోగింది మాత్రం బయట కారు హారను.

అన్నయ్య గుమ్మంలో నిలబడి ఓడని కిందనుంచి పైదాకా చూశాడు. నోరు వెళ్ళబెట్టాడు. తేరుకుని, "ఎన్ని?" అన్నాడు.

"నాలుగు."

"పందెం ఆరు." పాపం, గెలిచినట్టు అనలేదు, మెల్లిగానే అన్నాడు. "పద నాన్నా. చొక్కాలు సర్దుకో."

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకో వారం అడుగుదామనుకుంది. మాట ఇచ్చింది తనే.

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. "ఏ పందెం?" అన్నాడు.

"అదే నాన్నా, కొట్టు మూసెయ్యాలా వద్దా అని... నీ ఎదురుగానే కదా అనుకున్నాం" అన్నాడు కొడుకు.

"నా ఎదురుగానే అనుకున్నారు. నన్నడిగారా?"

కొడుకు చేతిలోని కారు తాళాల వైపు చూసుకున్నాడు.

"పిల్లికి గూడు కావాలని ఎవరో అడిగారు. నిచ్చెనకి ఎన్ని మెట్లో అడిగితే చెప్పారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు రోజూ నన్నేదో ఒకటి అడిగారు." ఆయన గొంతు పెంచలేదు. కూతురు ఆయన నోట ఒక్క గుక్కలో ఇన్ని మాటలు వినడం అదే మొదలు. "మూడేళ్ళలో ఈ ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగలేదు. తిన్నావా అని తప్ప."

ఆమెకి సిగ్గుతో తల వాలిపోయింది. ఊళ్ళో వాళ్ళందరి మనసులో ఏముందో అడిగి, రాసి, లెక్కగట్టి బతికే మనిషి తను! ఈ కుర్చీ దించుదామని ప్లాను వేసింది తను, పందెం కాసింది తను, ఆ కుర్చీ చేసిన మనిషిని ఒక్క ముక్క అడగలేదు. లేచి వెళ్ళి తండ్రి ఎదురుగా నిలబడింది.

"నీకేం కావాలి నాన్నా?"

మేస్త్రి కొట్టు నాలుగు వైపులా చూశాడు. తెరిచిన షట్టరు చూశాడు, కొడుకుని చూశాడు.

"జాగా" అన్నాడు చివరికి. "నాలుగు కుర్చీలు చెయ్యాలి. ఇది ఉంటే తిరగడానికి లేదు." కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. "నీ కారు పెద్దది. ఫ్లాటు ఇంకా పెద్దదని చెబుతావు. నా కోసం తుడిపించి ఉంచిన గది ఉందన్నావుగా, అందులో దీన్ని పెట్టు."

"నాన్నా, ఇది నేనేం చేసుకోను?"

"పుస్తకాలు పెట్టుకో. ఊగు. నీ ఇష్టం. అటు వైపు పట్టుకో."

కొడుకు చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు అప్పటికే నిచ్చెన చివర పట్టుకుంది. ముగ్గురూ కలిసి ఎత్తారు. టైలరమ్మ ముందు నడుస్తూ "ఎడమకి, ఎడమకి, నెత్తి జాగ్రత్త" అని కేకలేసింది. కారులో పట్టలేదు. పైన కట్టారు. తెడ్లు రెండూ విడిగా లోపల పెడితే, కిటికీల్లోంచి బయటికి పొడుచుకొచ్చాయి. అన్నయ్య స్టీరింగు పట్టుకుని కూర్చుని, బండి తీశాడు.

మలుపు తిరిగేదాకా ఇద్దరూ వీధిలో నిలబడ్డారు. తరవాత మేస్త్రి లోపలికి వెళ్ళి లైటు వేశాడు.

"ఆ ముసలాయన మోకాలి నుంచి నేలకి ఎంతో అడిగావా?" అన్నాడు.

"అడగలేదు నాన్నా."

"అడుగు" అన్నాడు, చెక్క మీద గీత గీస్తూ.